‘నాలుగు టీబీ వేయండి, నెల రోజులు వస్తుంది’

నరసరావుపేటలో అయినా, మాచర్లలో అయినా, గురజాలలో అయినా సీసీ కెమెరాలు బిగించేటప్పుడు హార్డ్ డిస్కు దగ్గరికి వచ్చేసరికి వినిపించే సలహాలు నాలుగైదే. ‘నాలుగు టీబీ వేయండి, నెల రోజులు వస్తుంది’ అంటారు. ‘కెమెరా రెండు మెగాపిక్సెలే కదా, చిన్న డిస్కు చాలు’ అంటారు. ‘ఇది హెచ్.265, సగం స్థలం మిగిలిపోతుంది’ అంటారు. ‘మోషన్ పెట్టేస్తాం, మనిషి కదిలితేనే రికార్డవుతుంది’ అంటారు. చెప్పేవాళ్లకు మోసం చేయాలన్న ఆలోచన ఏమీ ఉండదు. ఎక్కడో ఒక చోట ఆ మాట నిజమై ఉంటుంది, అది నోటికి అలవాటైపోతుంది. దొంగతనం జరిగిన పన్నెండో రోజున రికార్డర్ తెరిస్తే తొమ్మిది రోజుల ఫుటేజీయే మిగిలి ఉంటుంది. ఆ సలహాలు ఒక్కొక్కటీ ఎక్కడ తప్పుతాయో ఇక్కడ చూద్దాం.

ముందుగా అసలు లెక్క. కెమెరా సెకనుకు ఎన్ని బిట్లు పంపుతుందో దాన్ని బిట్‌రేటు అంటారు. ఒక Mbps అంటే సెకనుకు పది లక్షల బిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి సెకనుకు లక్షా పాతికవేల బైట్లు. రోజుకు 86,400 సెకన్లు. రెండూ గుణిస్తే 1,080 కోట్ల బైట్లు, అంటే 10.8 జీబీ. ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలు.

```
కెమెరాలన్నిటి Mbps మొత్తం × 10.8 × రోజులు = GB
```

ఇక్కడ తరచూ దొర్లే పొరపాటు బిట్లనీ బైట్లనీ కలిపేయడం. రెండు Mbps అన్నచోట సెకనుకు రెండు మెగాబైట్లు అనుకుంటే లెక్క ఎనిమిది రెట్లు పెరిగిపోతుంది. అలా లెక్కించి బెదిరిపోయినవాళ్లు, ‘ఇదంతా అయ్యే పని కాదులే’ అని మళ్లీ నాలుగు టీబీ సలహాకే వెళ్తారు.

ఇప్పుడు ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ తీసుకుందాం. నరసరావుపేట దగ్గర ఉందనుకోండి. మొత్తం పదహారు కెమెరాలు. గేటు, కాటా, లోడింగ్ ప్లాట్‌ఫారం రెండు చివరలు, ఈ నాలుగు చోట్లా నాలుగు మెగాపిక్సెళ్ల కెమెరాలు, ఒక్కోటి 4 Mbps. మిగతా పన్నెండు చాంబర్ల వసారాల్లో, ఆఫీసులో, ప్రహరీ వెంట; రెండు మెగాపిక్సెళ్లవి, ఒక్కోటి 2 Mbps. నాలుగు నాళ్లు పదహారు, పన్నెండు రెళ్లు ఇరవై నాలుగు, మొత్తం 40 Mbps. దాన్ని 10.8తో గుణిస్తే రోజుకు 432 జీబీ. నాలుగు టీబీ డిస్కు అంటే 4,000 జీబీ. అది తొమ్మిది రోజులకు నిండుతుంది. పదో రోజున రికార్డర్ మొదటి రోజు ఫుటేజీ మీద కొత్తది రాసుకుంటూ పోతుంది. బెల్లు మోగదు, కబురు రాదు, తెర మీద ఏ హెచ్చరికా కనపడదు. అది చెడిపోవడం కాదు, దాని పని తీరే అంత.

అదే నాలుగు టీబీకి నెల రోజులు వస్తుందని చెప్పినవాళ్ల లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో వెనక్కి గుణించి తెలుసుకోవచ్చు. 4,000 జీబీని ముప్పై రోజులకూ పదహారు కెమెరాలకూ పంచితే కెమెరాకు రోజుకు ఎనిమిది జీబీ పైచిలుకు వస్తుంది. 10.8తో భాగిస్తే అది 0.77 Mbps. అంటే ఆ మాట నిజం కావాలంటే కాటా మీది నాలుగు మెగాపిక్సెళ్ల కెమెరా కూడా ఒక Mbps లోపే పంపాలి. మీకు ఎవరు ఎన్ని టీబీలు చెప్పినా ముందు ఈ వెనక గుణకారం చేయండి. వాళ్లు మీ కెమెరాకు ఎంత బిట్‌రేటు ఇవ్వబోతున్నారో బయటపడుతుంది.

అంత తక్కువ ఇస్తే ఏమవుతుందన్నదే రెండో సలహాలోని తప్పు. మెగాపిక్సెళ్లను బట్టి డిస్కు లెక్కించమంటారు. నిజానికి డిస్కును నింపేది బిట్‌రేటే, మెగాపిక్సెళ్లు కావు. రికార్డర్ సెట్టింగుల్లో Max. Bitrate (Kbps) అని ఒక గడి ఉంటుంది. అందులో 2048 అని ఉంటే రెండు మెగాపిక్సెళ్ల కెమెరా అయినా, నాలుగు మెగాపిక్సెళ్ల కెమెరా అయినా రోజుకు తీసుకునేది ఇంచుమించు ఒక్కటే, ఇరవై రెండు జీబీ. సెకనుకు ఇరవై అయిదు ఫ్రేముల నుంచి పదిహేనుకు తగ్గించినా, ఆ గడి ముట్టుకోకపోతే డిస్కు వాడకం పెద్దగా మారదు. మారేది బొమ్మ నాణ్యత. పిక్సెళ్లు ఎక్కువై బిట్లు చాలకపోతే కెమెరా ఆ కరువును కదిలే చోట చూపిస్తుంది. ఆగి ఉన్న లారీ నిగనిగలాడుతూ కనిపిస్తుంది. అదే లారీ సాయంత్రం చీకట్లో, హెడ్‌లైట్లు వేసుకుని, ధూళి లేపుకుంటూ గేటు దాటేటప్పుడు ఏపీ 39 తర్వాతి అంకెలు చతురస్రాల ముద్దగా మారిపోతాయి. అది ఎనిమిదో తొమ్మిదో తేలదు. గోడ మీది కెమెరాకు ఒక Mbps చాలవచ్చు, గేటు కెమెరాకు చాలదు.

అందుకే బిట్‌రేటును కాగితం మీద కాకుండా అక్కడే, రాత్రిపూట తేల్చుకోవాలి. గేటు కెమెరాకు 2048 ఇచ్చి, చీకటి పడ్డాక ఒక బండిని మామూలు వేగంతో లోపలికి పంపండి. లైవ్ చూడొద్దు, రికార్డయినదాన్ని వెనక్కి తిప్పి, బండి కదులుతున్నచోట ఆపి నంబరు చదవండి. చదవలేకపోతే 3072కి, అదీ చాలకపోతే 4096కి పెంచండి. ఒక్కటి గమనించాలి. అంకెలు చతురస్రాలుగా విరిగితే బిట్లు చాలలేదని అర్థం. విరగకుండా చెయ్యి జారినట్టు సాగి మసకబారితే షట్టర్ నెమ్మదిగా ఉందనో, వెలుతురు చాలలేదనో అర్థం. ఆ రెండో జబ్బుకు ఎన్ని బిట్లు పోసినా, ఎంత డిస్కు కొన్నా మందు కాదు, లైటు పెట్టాలి.

హెచ్.265 సంగతీ ఇలాంటిదే. పాత హెచ్.264 కంటే అది తక్కువ బిట్లతో అదే బొమ్మ ఇవ్వగలదన్న మాట నిజమే, చాలా దృశ్యాల్లో సగం దాకా తగ్గుతుంది కూడా. కానీ ఆ తగ్గింపు దానంతటది రాదు. స్థిర బిట్‌రేటులో 4096 అని ఉంటే కోడెక్ మార్చినా అది 4096 నింపుతూనే ఉంటుంది, బొమ్మ కాస్త బాగుపడుతుందంతే. స్థలం మిగలాలంటే ఆ గడిలో అంకె మనమే తగ్గించాలి. మారే బిట్‌రేటు పెట్టుకుంటే దృశ్యాన్ని బట్టి వాడకం తగ్గుతుంది, పెరుగుతుంది. ఖాళీ వసారాలో మిగులుతుంది. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ బల్బుల చుట్టూ పురుగులు ముసిరినా, కెమెరా ముందు సాలెగూడు ఊగినా, వాన పడినా మిగులు కరిగిపోతుంది. చీకట్లో సెన్సర్ నుంచి వచ్చే గింజల్లాంటి మచ్చలను కూడా కెమెరా కదలికే అనుకుని బిట్లు ఖర్చు పెడుతుంది. సగం అవుతుందన్న సలహా పట్టపగలు ఖాళీ గదిని చూసి చెప్పింది. మీరు లెక్క వేసేటప్పుడు మాత్రం ఆ గడిలో రాసి ఉన్న గరిష్ఠ అంకెనే వేసుకోండి. మిగిలితే రెండు రోజులు అదనంగా వస్తాయి, నష్టం లేదు.

మోషన్ రికార్డింగ్ సలహా వీటన్నిటిలో ప్రమాదకరమైనదని నా అభిప్రాయం. ఎందుకంటే మిగతావి ఎప్పుడూ ఒకేలా తప్పుతాయి. ఇది అవసరమైన రోజుల్లోనే తప్పుతుంది. ఆగస్టులో కోల్డ్ స్టోరేజీ ఆవరణ చూసి, రోజుకు ఎనిమిది గంటలే కదలిక ఉంది, మూడో వంతు డిస్కు చాలు అనుకుంటారు. మన కోల్డ్ స్టోరేజీకి రోజుకు 432 అన్నది 144కు దిగుతుంది. నాలుగు టీబీకి ఇరవై ఏడు రోజులు వచ్చినట్టు కనపడుతుంది, నెల రోజుల మాట నిజమేనేమో అనిపిస్తుంది. ఫిబ్రవరి వచ్చి మిర్చి దిగడం మొదలైతే బండ్లు రాత్రి తెల్లవార్లూ క్యూలో ఉంటాయి, ముఠా కూలీలు షిఫ్టులు మార్చుకుంటూ టిక్కీలు దించుతూనే ఉంటారు. మోషన్ అనేది ఇరవై నాలుగు గంటల రికార్డింగ్‌తో సమానమైపోతుంది. ఇరవై ఏడు రోజులు కాస్తా తొమ్మిదికి పడిపోతాయి. సరుకు తారుమారయ్యే కాలం కూడా సరిగ్గా అదే. కోటప్పకొండ దారిలో దుకాణం ఉన్నవాళ్లకు మహాశివరాత్రి ముందు రోజుల్లో ప్రభలు కదులుతుంటే ఇదే జరుగుతుంది. మోషన్ పెట్టుకోవద్దని అనను. డిస్కు లెక్క మాత్రం అది లేనట్టే వేయండి, అది కూడా ఏడాదిలో మీకు ఎక్కువ రద్దీగా ఉండే వారాన్ని చూసుకుని వేయండి.

ఇక అసలు ప్రశ్న. బిట్‌రేటు తేలింది, రోజువారీ లెక్క తేలింది. ఎన్ని రోజులు ఉంచాలి? దీనికి ‘అందరూ పదిహేను పెడతారు, మీరూ పెట్టండి’ అన్నది సలహా. రోజుల సంఖ్యను డిస్కు ధర నుంచి కాదు, జరిగింది ఎప్పటికి బయటపడుతుందన్న దాని నుంచి తీసుకోవాలి. చట్టాల్లోని అంకెలు చూసినా ఈ ఆలోచనే కనపడుతుంది. జనం ఎక్కువగా వచ్చే సంస్థలు ఫుటేజీని 30 రోజులు ఉంచాలని మన రాష్ట్రం 2013లో చేసిన ప్రజాభద్రత చట్టం చెబుతోంది. పోలీస్ స్టేషన్ల విషయంలో సుప్రీంకోర్టు 2020 డిసెంబర్ 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 18 నెలలు ఉంచమంది, పరికరాలు అంతకు సరిపోకపోతే ఏడాదికి మాత్రం తగ్గకూడదంది. స్టేషన్‌లో దెబ్బలు తిన్న మనిషి బయటికొచ్చి, ధైర్యం కూడగట్టుకుని ఫిర్యాదు చేయడానికి నెలలు పడుతుంది కదా. ఒక్క 2 Mbps కెమెరాకు 18 నెలలంటే దాదాపు పన్నెండు టీబీ.

మన జిల్లాలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. 2024 మే 13న పోలింగ్ నాడు మాచర్ల నియోజకవర్గంలో రెంటచింతల మండలం పాల్వాయి గేటు దగ్గరి 202వ పోలింగ్ కేంద్రంలో ఈవీఎంను పగలగొట్టిన దృశ్యం వెబ్ కెమెరాలో నమోదైంది. అందులో ఉన్నది అప్పటి సిట్టింగ్ ఎమ్మెల్యే అని ఎన్నికల సంఘమే ప్రకటించింది. నియోజకవర్గంలో ఏడు కేంద్రాల్లో ఈవీఎంలు దెబ్బతిన్నాయనీ, ఆ కేంద్రాల వీడియోలన్నీ జిల్లా ఎన్నికల అధికారులు పోలీసులకు అప్పగించారనీ చెప్పింది. ఆ దృశ్యాన్ని జనం చూసింది మాత్రం పోలింగ్ జరిగిన వారానికి పైగా గడిచాకే. ఏడు రోజులకే చెరిగిపోయే డిస్కులో అది ఉండిపోయి, ఎవరూ కాపీ తీయకుండా ఉంటే ఆ వీడియో ఉండేది కాదు.

ఇందులో పరిమాణం సంగతి చూడండి. 2 Mbps కెమెరా పన్నెండు గంటలు రికార్డు చేస్తే వచ్చేది 10.8 జీబీ. జేబులో పట్టే పెన్ డ్రైవులో ఒక పోలింగ్ కేంద్రం రోజంతా పడుతుంది. అంటే సమస్య డిస్కు పరిమాణం కాదు. జరిగిన రోజును తిరిగే డిస్కులోంచి పక్కకు తీసి పెట్టామా లేదా అన్నదే. ఇక మిగిలింది, అలా తీసిపెట్టినదాన్ని ఎన్నాళ్లు ఉంచాలన్నది. ఫలితం వచ్చాక ఎన్నికల పిటిషన్ వేయడానికి చట్టం ఇచ్చిన గడువు 45 రోజులు. ఆ గడువులో పిటిషన్ రాకపోతే ఫుటేజీని తొలగించవచ్చని ఎన్నికల సంఘం 2025 మే 30న రాష్ట్రాల ఎన్నికల అధికారులకు రాసింది. ఆ నిర్ణయం మీద విమర్శలు వచ్చాయి, అది వేరే చర్చ. ప్రశ్న అడగగలిగే చివరి రోజు నుంచే రోజుల లెక్క తీశారన్నది మనకు కావలసిన విషయం.

ఇదే చూపుతో మన కోల్డ్ స్టోరేజీకి వద్దాం. ప్రహరీ దూకినవాడి సంగతి మర్నాడే తెలుస్తుంది. కూలీల మధ్య గొడవ, ఆఫీసులో నగదు తేడా నెల తిరిగే లోపు తెలుస్తాయి. వాటికి 30 రోజులు చాలు. గేటు, కాటా, ప్లాట్‌ఫారం కెమెరాల సంగతి అది కాదు. లారీ బాడుగ తగాదాలు, తూకం తేడాలు, వ్యాపారి లెక్కలు తేలేసరికి రెండు మూడు నెలలు పడుతుంది. వాటికి 90 రోజులు పెడదాం. ఆ నాలుగింటికీ 16 Mbps, రోజుకు 172.8 జీబీ, తొంభై రోజులకు 15.6 టీబీ. మిగతా పన్నెండింటికి 24 Mbps, రోజుకు 259.2 జీబీ, ముప్పై రోజులకు 7.8 టీబీ. కలిపితే 23.4 టీబీ. మొత్తం పదహారింటికీ తొంభై రోజులు ఉంచాలంటే దాదాపు 39 టీబీ అయ్యేది. రోజులను కెమెరా వారీగా విడదీయడం వల్లే ఇంత తగ్గింది. శబ్దం, సూచిక ఫైళ్లు, రేపు పెట్టే మరో కెమెరా అన్నిటికీ కలిపి అయిదో వంతు చేరిస్తే 28 టీబీ. ఎనిమిది టీబీల డిస్కులు నాలుగు.

కొనే ముందు రెండు సంగతులు చూసుకోవాలి. ఒకటి, రికార్డర్‌లో డిస్కులు పట్టే గూళ్లు ఎన్ని, ఒక్కో గూటికి గరిష్ఠంగా ఎన్ని టీబీలు ఒప్పుకుంటుంది అన్నది. పదహారు కెమెరాల రికార్డర్లలో రెండే గూళ్లున్నవి బోలెడు. రెండోది, కెమెరాకొక గడువు పెట్టే వీలు. మామూలుగా రికార్డర్ అన్ని కెమెరాలనూ ఒకే కుప్పగా చూసి, అన్నిటికంటే పాతదాన్ని ముందు చెరిపేస్తుంది. స్టోరేజీ సెట్టింగుల్లో Quota లేదా Group అనే పద్ధతి ఉంటే కెమెరాల వారీగా స్థలం విడదీయవచ్చు. అది లేకపోతే గేటు, కాటా కెమెరాలకు నాలుగు చానెళ్ల చిన్న రికార్డర్ విడిగా పెట్టడం మేలు. డిస్కు కూడా సీసీ కెమెరాల కోసం చేసిన రకమే తీసుకోండి. మామూలు కంప్యూటర్ డిస్కు పగలూ రాత్రీ ఆగకుండా రాయడానికి చేసింది కాదు.

మరి రైతు సరుకు? మార్చిలో దించిన టిక్కీలు అక్టోబరులో తీసుకెళ్లేటప్పుడు రెండు తగ్గాయంటే, 90 రోజుల ఫుటేజీ కూడా పనికిరాదు. పోనీ అని ఎనిమిది నెలలు ఉంచుదామంటే ఆ నాలుగు కెమెరాలకే నలభై టీబీ దాటుతుంది. ఇక్కడ పెద్ద డిస్కు కొనమన్న సలహా కూడా తప్పే. పోలింగ్ కేంద్రం వీడియోకు చేసినట్టు చేయాలి. ఒక లాటు దిగడానికి అరగంట పడుతుందనుకుందాం. ప్లాట్‌ఫారం కెమెరా 4 Mbps అంటే గంటకు 1.8 జీబీ, ఆ అరగంటకు 0.9 జీబీ. సీజనులో అయిదు వందల లాట్లు దిగితే 450 జీబీ. ఒక టీబీ పోర్టబుల్ డిస్కులో సీజనంతా సగం కూడా నిండదు. సాయంత్రం గుమాస్తా ఆ రోజు దిగిన లాట్ల సమయాలను రిజిస్టరులో చూసుకుని, ఒక్కో ముక్కను కాపీ తీసి లాటు నంబరుతో పేరు పెట్టాలి. దీనికి రికార్డర్ గడియారం సరిగ్గా ఉండాలి. అది ఇరవై నిమిషాలు వెనకబడి ఉంటే రిజిస్టరులో రాసిన సమయానికి తెర మీద వేరే రైతు సరుకు కనపడుతుంది.

అన్నీ బిగించాక కూడా లెక్కను నమ్మి కూర్చోకూడదు. రికార్డింగ్ మొదలైన వారం తర్వాత, డిస్కులో ఎంత నిండిందో చూసి ఏడుతో భాగించండి. మన ఉదాహరణలో అది 432 జీబీ దగ్గర ఉండాలి. డిస్కు పరిమాణం విషయంలో కంగారు పడకండి. ఎనిమిది టీబీ డిస్కును రికార్డర్ 7,452 జీబీ అని చూపిస్తుంది. అది వెయ్యితో కాకుండా 1024తో లెక్కపెడుతుంది కాబట్టి అంకె తగ్గింది గానీ స్థలం ఎక్కడికీ పోలేదు. అదే తెర మీద రోజుకు వాడేది కూడా 432 బదులు 402గా కనపడుతుంది.

డిస్కులు ఒకసారి నిండి తిరగడం మొదలయ్యాక, నెలకోసారి ఒక్కో కెమెరాకూ ప్లేబ్యాక్‌లో క్యాలెండర్ తెరిచి, అన్నిటికంటే పాత తేదీ ఏదో చూడండి. అనుకున్న రోజుల కంటే తక్కువ ఉంటే ఎవరో బిట్‌రేటు పెంచారు, లేదా కొత్త కెమెరా చేర్చారు, లేదా నాలుగు డిస్కుల్లో ఒకటి పనిచేయడం మానేసింది. అనుకున్న రోజుల కంటే బాగా ఎక్కువ ఉంటే చాలామంది సంతోషిస్తారు. తొంభై రోజులకు లెక్క వేస్తే నూట ఎనభై కనపడింది, డిస్కు కలిసొచ్చింది అనుకుంటారు. ఎవరూ బిట్‌రేటు తగ్గించకపోతే, స్థిర బిట్‌రేటుతో నిరంతరాయంగా రికార్డయ్యే కెమెరాకు, అదనంగా చేర్చిన స్థలం కలుపుకున్నా, రోజులు అంతలా పెరగడానికి దారి లేదు. మధ్యలో రికార్డు కాని గంటలు ఉంటేనే పెరుగుతాయి. అప్పుడు ఒక్కో రోజు టైమ్‌లైన్ తెరిచి చూస్తే నీలి పట్టీలో ఖాళీలు కనపడతాయి. కరెంటు పోయినప్పుడు రికార్డర్‌కు ఇన్వర్టర్ ఉండి కెమెరాల స్విచ్‌కు లేకపోవడం, వైరు వదులై రాత్రిళ్లు కెమెరా పడిపోవడం, షెడ్యూలులో ఆదివారం గడి ఎంచుకోకపోవడం సాధారణంగా దొరికే కారణాలు. ఆ ఖాళీలు రోజూ ఒకే సమయానికి పడుతుంటే మాత్రం ముందు వైరును కాదు, ఆ వేళకు డ్యూటీలో ఎవరున్నారో చూడండి.